తాతగారి ఉత్తరాన్ని ఇంగ్లీషులో పెట్టేముందు తెలుగులో ఎత్తిరాయండి

ప్రశ్న: మా తాతయ్య అమ్మకు రాసిన పాత ఇన్‌లాండ్ లెటర్ ఒకటి బీరువాలో దొరికింది. ఫోన్‌తో ఫొటో తీశాను. అమెరికాలో ఉన్న పిన్ని పిల్లలకు తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషులో రాసి పంపమంటున్నారు. నాకు సగం అక్షరాలే అందుతున్నాయి. అందినవి ఇంగ్లీషులో పెడితే ఎవరు ఎవరి గురించి చెబుతున్నారో తెలియడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ఇంగ్లీషు సంగతి ముందు పక్కన పెట్టండి. ఫొటో చూస్తూ నేరుగా ఇంగ్లీషులో రాయబోతే, అర్థంకాని మాట దగ్గర మనసు తనకు తోచిన మాటను పెట్టేసి ముందుకు పోతుంది. ఇంగ్లీషు వాక్యం నున్నగా కుదిరాక ఆ ఊహ ఎక్కడ చేశామో మనకే గుర్తుండదు. అందుకని మొదట ఉత్తరాన్ని తెలుగులోనే, ఏ వరుసకు ఆ వరుసగా, ఆయన రాసిన స్పెల్లింగుతోనే ఎత్తిరాయాలి. చాలా ఏళ్ళుగా బంధువుల కోసం, తెలిసినవాళ్ళ కోసం ఈ పని చేస్తున్నాను. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం చదవడంలో వచ్చినవే. ఇంగ్లీషు రాకపోవడం వల్ల వచ్చినవి తక్కువ.

ఫొటో గురించి కొద్దిగా చెప్పి అసలు విషయంలోకి వస్తాను. ఉత్తరాన్ని కిటికీ పక్కన బల్ల మీద పరచి, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయండి. ఇన్‌లాండ్ కాగితం పల్చన కాబట్టి వెనక వైపు సిరా ఇవతలికి కనిపిస్తుంది. కాగితం కింద నల్లటి అట్ట పెడితే అది చాలావరకు తగ్గుతుంది. మొత్తం ఉత్తరానికి ఒక ఫొటో, తర్వాత మడతకొక ఫొటో దగ్గరగా తీయండి. అంచుల్లో నిలువుగా రాసిన వరుసలు, గమ్ అంటించే రెక్క మీద రాసిన రెండు ముక్కలు, చిరునామా, పోస్టు ముద్ర వదలొద్దు. చోటు అయిపోయాక ముఖ్యమైన మాట గుర్తొచ్చి అంచులో ఇరికించడం ఆ తరానికి మామూలే. ఎవరికైనా వాట్సాప్‌లో పంపాలంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సన్నటి వత్తులన్నీ కరిగిపోతాయి.

నీలం సిరా వెలిసిపోయి, కాగితం పసుపు రంగుకు తిరిగి ఉంటే ఒక ఉపాయం ఉంది. ఫొటోలో ఎరుపు రంగు చానెల్‌ను మాత్రమే విడదీస్తే నీలం గీతలు నల్లగా తేలతాయి, పసుపు మరకలు దాదాపు తెల్లబడతాయి. కంప్యూటర్‌లో ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే ఈ ఒక్క వరుస చాలు:

```
magick uttaram.jpg -channel R -separate uttaram-red.png
```

ఇక ఎత్తిరాయడం. విడిగా చెబితే గాలిలో చెప్పినట్టు ఉంటుంది కాబట్టి నేను చేసిన ఒక ఉత్తరాన్నే ముందు పెడతాను. ఆ ఇంటివాళ్ళ అనుమతితో, పేర్లు తీసేసి, కొంత భాగమే ఇస్తున్నాను. గుంటూరు జిల్లా పల్లెలో ఉన్న తండ్రి, రైల్వే ఉద్యోగం చేసే భర్తతో ఖరగ్‌పూర్‌లో కాపురం ఉంటున్న పెద్ద కూతురికి రాసింది. ఆమె మనవలకు ఇప్పుడు తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది, చదవడం రాదు.

శ్రీరామ
తా॥ 18-12
చి॥ల॥సౌ॥ పెద్దమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నీవు వ్రాసిన కార్డు అందినది. అల్లుడుగారు పంపిన 100/- ముట్టినవి. వుప్పెనకు మన యిల్లు యేమి కాలేదు. వష౯మునకు చేను పడిపోయినది. 9 బస్తాలు మాత్రము వచ్చినవి. చిన్నత్తయ్యవాళ్ళ వూరు పోయినది. వాళ్ళు మేడమీద వుండి బ్రతికినారు. మీ బావ వెళ్ళి చూచి వచ్చినాడు. అమ్మ కళ్ళు మునుపటివలె లేవు. సంక్రాంతికి వీలుచూచుకొని రాగలరు. ఖచు౯ నేను యిచ్చుకొందును. యింతే సంగతులు.

ఇక్కడ చుక్కలు, ఖాళీలు నేను పెట్టినవి. అసలు ఉత్తరంలో మొదటి నుంచి చివరి దాకా చుక్క ఒక్కటీ లేదు, మాటలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. మీ తాతయ్య ఉత్తరం కూడా అలాగే ఉండొచ్చు. వాక్యం ఎక్కడ ముగిసిందో చూపించేది క్రియే. ‘అందినది’, ‘ముట్టినవి’, ‘కాలేదు’ లాంటి మాట వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకుంటూ పోతే ఉత్తరం తనంతట తానే విడిపోతుంది.

ఆ ఇంటి పిల్లలు అంతకుముందే ఒకసారి దీన్ని చదివించుకున్నారు. వాళ్ళ దగ్గరున్న ఇంగ్లీషు కాగితంలో విషం వల్ల పొలం పోయినట్టు, ఆ వెంటనే బావ పెళ్ళి జరిగినట్టు ఉంది. ఎవరో పురుగుమందు తాగిన సంగతేమో అని పిల్లలు భయపడ్డారు. ఈ రెండు మాటలూ ఎలా పుట్టాయో చూస్తే పాత చేతిరాతలో ఎక్కడ జాగ్రత్తపడాలో మీకే తెలుస్తుంది.

మొదటిది వలపలగిలక. ఇప్పుడు మనం ‘వర్షం’ అని రకారం ముందు రాసి కింద ష వత్తు పెడతాం. పాతకాలం బడిలో చదువుకున్నవాళ్ళు చాలామంది ‘వష’ అని రాసి, ష పక్కన తెలుగు తొమ్మిది అంకె (౯) లాంటి చిన్న కొక్కెం పెట్టేవారు. గుర్తు అక్షరం తర్వాత ఉంటుంది, రకారం మాత్రం ఆ అక్షరానికి ముందు పలుకుతుంది. కాబట్టి ‘వష౯ము’ అంటే వర్షము, ‘ఖచు౯’ అంటే ఖర్చు, ‘మాచి౯’ అంటే మార్చి, ‘కాతీ౯కము’ అంటే కార్తీకము. ఇది తెలియని కళ్ళకు ఆ కొక్కెం కలం జారిన గీతలా కనబడుతుంది. అది వదిలేస్తే మిగిలేది ‘వషము’. అలాంటి మాట లేదు కాబట్టి చదివినవాళ్ళు దానికి గుడి తగిలించి ‘విషము’ చేశారు. ఉత్తరంలో అర్థంలేని మాట తగిలినప్పుడు ముందు చూడాల్సింది ఇదే. అక్షరం పక్కన కొక్కెం ఉందా? ఉంటే దాని ముందు రకారం పెట్టి పైకి చదవండి. అదే కొక్కెం కింది వరుసల్లో ‘ఖచు’ దగ్గర కూడా ఉంది, అక్కడ ఖర్చు తప్ప మరో మాట కుదరదు. ఒకచోట తేలితే మిగతాచోట్ల కూడా తేలినట్టే.

రెండోది ప, వ. విడిగా రాసినప్పుడు ప పైన నోరు తెరుచుకుని ఉంటుంది, తలకట్టు దానికి అంటకుండా పక్కన నిలుస్తుంది. వ మూసుకుని ఉంటుంది. కానీ ఎత్వం వచ్చేసరికి తలకట్టు పోతుంది. ‘పె’, ‘వె’ రెండూ చేతిరాతలో, అందులోనూ వేగంగా రాసేవాళ్ళ చేతిరాతలో, ఒకేలా ఉంటాయి. అందుకే ‘మీ బావ వెళ్ళి చూచి వచ్చినాడు’ కాస్తా పెళ్ళి అయిపోయింది. దీన్ని తేల్చడానికి ఊహ అక్కర్లేదు. అదే ఉత్తరంలో సందేహం లేని మాట ఒకటి వెతకాలి. ఇక్కడ మొదటి వరుసలోనే ‘పెద్దమ్మాయికి’ ఉంది. అక్కడ ఆయన పె ఎలా రాశారో పెద్దదిగా చేసి, సందేహం ఉన్న అక్షరం పక్కన పెట్టి చూశాను. పెద్దమ్మాయిలో పె మీద నోరు స్పష్టంగా తెరుచుకుని ఉంది. కింది మాటలో అక్షరం గుండ్రంగా మూసుకుని ఉంది. అది ‘వెళ్ళి’. ఇళ్ళు పోయి మనుషులు మేడలెక్కి బతికిన వార్త పక్కన పెళ్ళి కబురు పొసగదు కూడా. అయినా పొసగడం, పొసగకపోవడం రెండో సాక్ష్యమే. మొదటి సాక్ష్యం అక్షరమే కావాలి.

మీ తాతయ్య చేతికి కూడా ఇలాంటి అక్షరాల పట్టీ ఒకటి తయారు చేసుకోండి. తప్పకుండా తెలిసిన మాటలు ప్రతి ఉత్తరంలో ఉంటాయి. ఊరి పేరు, మీ అమ్మ పేరు, ‘ఆశీర్వదించి’, ‘క్షేమం’, ‘ఉత్తరం’, నెల పేరు. వాటిలోంచి ఒక్కో అక్షరాన్ని కత్తిరించి వరుసగా పెట్టుకుంటే ఆయన న ఎలా రాస్తారు, స ఎలా రాస్తారు, ద కు ధ కు తేడా చూపిస్తారా లేదా అన్నది తెలిసిపోతుంది. కొందరు పెద్దవాళ్ళు ఒత్తక్షరాల్లో పొట్టలో చుక్కా, కింద గీతా పెట్టేవారే కాదు. వాళ్ళ ఉత్తరంలో ‘బ’, ‘భ’ ఒకటే అని ముందే ఒప్పుకుని, రెండు రకాలుగానూ చదివి చూడాలి. ‘యిల్లు’, ‘వుప్పెన’, ‘వ్రాయు’ లాంటివి తప్పులు కావు, అప్పటి రాత. ఎత్తిరాతలో వాటిని దిద్దకండి. దిద్దితే తర్వాత ఎవరైనా ఫొటోతో సరిచూసినప్పుడు అక్షరాలు లెక్కకు రావు.

తేలని మాటను ఖాళీగా వదలొద్దు, ఊహించి నింపనూ వద్దు. ఎన్ని అక్షరాలు కనిపిస్తున్నాయో అన్ని గీతలు పెట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. అప్పుడు మీ అమ్మనో, పెద్దమ్మనో, ఆ చేతిరాత ఎరిగినవాళ్ళు ఎవరున్నా వాళ్ళనో కూర్చోబెట్టి ఉత్తరం పైకి చదివించండి. మీరు రాసుకున్నది ముందుగా చూపించకండి. చూపిస్తే వాళ్ళూ అదే చదువుతారు. కళ్ళు సరిగా ఆనని పెద్దవాళ్ళయితే మీరే గట్టిగా చదివి వినిపించండి, తేలని మాట దగ్గర ఆగిపోండి. తండ్రి మాటతీరు చెవిలో ఉన్నవాళ్ళు ఆ వాక్యాన్ని వాళ్ళంతట వాళ్ళే పూర్తిచేస్తారు. ఆ మాట కాగితం మీది గీతలకు సరిపోతుందో లేదో మీరు చూసుకోవాలి.

ఇప్పుడు ‘ఎవరు ఎవరి గురించి చెబుతున్నారు’ అన్న మీ రెండో ఇబ్బంది. దీనికి ఒక తాళంచెవి ఉంది. తెలుగులో ఉత్తరం రాసేవాళ్ళు, ‘అల్లుడుగారు’ లాంటివి తప్పిస్తే, బంధుత్వాల వరుసలను ఎక్కువగా తమ వైపు నుంచి కాక, ఉత్తరం అందుకునేవాళ్ళ వైపు నుంచి చెబుతారు. ఈ తండ్రి ‘అమ్మ కళ్ళు మునుపటివలె లేవు’ అన్నాడు. ఆయన తల్లి సంగతైతే కూతురికి ‘నాయనమ్మ’ అనో ‘మామ్మ’ అనో రాసేవాడు. ‘అమ్మ’ అన్నాడంటే కూతురి తల్లి, అంటే ఆయన భార్య. ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు ‘మదర్’ అని పెడితే చదివేవాళ్ళు ఆయన తల్లి అనుకుంటారు. ‘యువర్ మదర్’ అని పెట్టాలి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఉత్తరంలో సగం చిక్కు విడిపోతుంది. ఇక్కడ చిన్నత్తయ్య అంటే కూతురికి మేనత్త, ఆయనకు చెల్లెలు.

బావ మాత్రం ఇంకొంచెం లోతుకు వెళ్ళాల్సిన మాట. అక్క భర్త బావ, మేనత్త కొడుకో మేనమామ కొడుకో తనకంటే పెద్దవాడైతే బావ, భర్త అన్న కూడా బావే. అందుకునేది పెద్ద కూతురు కాబట్టి అక్క భర్త ఉండడు. భర్త అన్న అయితే, వియ్యాలవారి మనిషి కాబట్టి, ఈయన ‘మీ బావగారు వెళ్ళి చూచి వచ్చినారు’ అని రాసేవాడు. సొంత అల్లుడినే ‘అల్లుడుగారు’ అన్న మనిషి ఆయన. ఇక్కడ గారు లేదు, క్రియ ‘వచ్చినాడు’ అని ఏకవచనంలో ఉంది. అంటే ఆయన చనువుగా పిలవగలిగిన ఇంటి కుర్రాడు, మేనల్లుడు. ఇంట్లో పెద్దావిడను అడిగితే పెద్దత్తయ్య కొడుకు అప్పట్లో బందరులో ఉండేవాడని, అక్కడికి వెళ్ళింది అతనేనని చెప్పింది. ఇంగ్లీషులో తల్లి వైపు, తండ్రి వైపు అందరికీ ఒకటే ‘కజిన్’, ఒకటే ‘ఆంట్’ కాబట్టి నేను చేసేది ఏమిటంటే, ‘బావ’ అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, మొదటిసారి వచ్చినచోట పక్కన వివరం ఇస్తాను: ఫలానా వారి మేనత్త కొడుకు, చదువుతున్న మీకు తాత వరుస. విదేశాల్లో పిల్లలకు కావలసింది కూడా ఇదే, ఆ మనిషి తమకు ఏమవుతాడు అన్నది.

పేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు మీకు నచ్చిన స్పెల్లింగ్ పెట్టకండి. ఆ మనిషి, లేదా వాళ్ళ పిల్లలు, పాస్‌పోర్టులోనో సర్టిఫికెట్లలోనో ఎలా రాసుకుంటే అలాగే పెట్టండి. చిట్టి, బుజ్జి, పెదబాబు లాంటి ముద్దుపేర్లు ఉంటే ఎవరన్నది పెద్దవాళ్ళను అడిగి ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఒకే ఇంట్లో ఇద్దరు బుజ్జులు ఉండటం నేను చూశాను.

ఇక మాటల అర్థం. పాత ఉత్తరాల్లో మనకు తెలిసినట్టే ఉండి తప్పుదోవ పట్టించే మాటలు కొన్ని ఉంటాయి. అన్నిటికంటే ముందు ‘రాగలరు’, ‘తెలుపగలరు’, ‘పంపగలరు’. చూడగానే ‘కెన్ కమ్’ అనిపిస్తుంది. ఉత్తరాల భాషలో అది మర్యాదగా అడగడం, ‘దయచేసి రండి’ అని. ఈ ఉత్తరంలో ఇంకో సంగతి కూడా ఉంది. కూతురిని మొదటి నుంచి ‘నీవు’ అన్న తండ్రి ఇక్కడ ‘రాగలరు’ అని బహువచనం వాడాడు. అంటే పండక్కి పిలుస్తున్నది కూతురిని ఒక్కదాన్నే కాదు, అల్లుడితో కలిసి రమ్మని. ఇంగ్లీషులో ‘యు’ రెండింటికీ ఒకటే కాబట్టి ‘బోత్ ఆఫ్ యు’ అని రాయాల్సి వచ్చింది. మీ ఉత్తరంలో కూడా నీవు, మీరు ఎక్కడ మారుతున్నాయో గుర్తు పెట్టుకుంటూ చదవండి. మారినచోట ఆ మాట ఎవరితో అంటున్నారో ఆ మనిషి మారి ఉంటారు, లేదా ఇంకొకరు కలిసి ఉంటారు.

‘ముట్టినవి’ అంటే డబ్బు చేతికి అందింది. ‘చేను పడిపోయినది’ అంటే కోతకు వచ్చిన వరి గాలివానకు నేలకు ఒరిగిపోయింది. పొలం పోయిందనో అమ్మేశారనో కాదు. ‘వూరు పోయినది’ మాత్రం నిజంగానే ఊరు నీళ్ళపాలైంది. ఒకే ‘పోవడం’ పక్కపక్క వరుసల్లో రెండు రకాలుగా వచ్చింది కాబట్టి ప్రతి చోటా చుట్టూ ఉన్న వాక్యాలు చూసి తేల్చుకోవాలి. 9 బస్తాలు అన్నచోట ఎన్ని ఎకరాలకో ఆయన రాయలేదు, కూతురికి తెలుసు కాబట్టి రాయక్కర్లేదు. నేను కూడా ఏమీ చేర్చలేదు. బస్తా అంటే మన వైపు వడ్లు సుమారు 75 కిలోలని మాత్రం కింద ఒక మాట వేశాను. ఇంకా పాత ఉత్తరాలైతే ‘12-8-0’ అని కనిపిస్తుంది. అది తేదీ కాదు, 12 రూపాయల 8 అణాలు. 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు వచ్చేదాకా లెక్క అలాగే రాసేవారు.

‘ఖర్చు నేను యిచ్చుకొందును’ దగ్గర నేను చాలాసేపు ఆగాను. ‘ఇస్తాను’ అని రాయలేదాయన. ‘ఇచ్చుకొందును’ అన్నాడు. పంట పోయి, అల్లుడి దగ్గర వంద రూపాయలు పుచ్చుకున్న మనిషి, కూతురి రైలు ఖర్చు నా బాధ్యత, అది నేనే భరించుకుంటాను అంటున్నాడు. ‘ఐ విల్ పే’ అంటే అర్థం తప్పు కాదు కానీ అంగట్లో బిల్లు కట్టినట్టు ఉంటుంది. ‘ద ఫేర్ ఈజ్ మైన్ టు బేర్’ అన్నట్టు పెట్టాను. ఇలాంటి చోట్లు ఉత్తరం మొత్తంలో రెండో మూడో ఉంటాయి. సమయం వాటి మీద పెట్టండి. మిగతా వాక్యాలు సాదాగా ఉన్నవి సాదాగానే పోనివ్వండి.

మొదలు, చివర మాటలకు ఒక పద్ధతి పెట్టుకోండి. ‘ఉభయకుశలోపరి’ అంటే ఇద్దరి క్షేమం చెప్పుకున్న తర్వాత అని. ఇల్లు వాకిళ్ళు మునిగినా ఉత్తరం ఆ మాటతోనే మొదలవుతుంది, అది ఆచారం. మాటకు మాట పెడితే ‘అంతా క్షేమం’ అని చెప్పి వెంటనే ఉప్పెన గురించి రాయడం చదివేవాళ్ళకు వింతగా ఉంటుంది. నేను ఉత్తరం పైన ఒక్క వాక్యంలో ఇది వాడుక ప్రారంభమని చెప్పి, లోపల ‘ఆఫ్టర్ అవర్ మ్యూచువల్ గుడ్ విషెస్’ అని చిన్నగా పెడతాను. ‘చి॥ల॥సౌ॥’ అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, పెళ్ళయిన కూతురికో కోడలికో రాసేది. ఈ రెండు గీతల పొట్టి రాతలను అలంకారం అనుకుని దాటేయకండి. వాటిలో సమాచారం ఉంటుంది. పేరు ముందు ‘గం॥భా॥’ ఉంటే గంగాభాగీరథీ సమానురాలు అని, వితంతువుకు వాడేది. మీ ముత్తవ్వ పేరు ముందు అది కనిపిస్తే ఆ ఉత్తరం నాటికి ముత్తాత లేరన్నమాట. తేదీ లేని ఉత్తరాలను వరుసలో పెట్టడానికి ఇది నాకు చాలాసార్లు పనికొచ్చింది.

తేదీ మాటకొస్తే, ఈ ఉత్తరంలో సంవత్సరం లేదు, ‘18-12’ అని మాత్రమే ఉంది. ఉప్పెన అన్నాడు కాబట్టి 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన అని ఎవరికైనా తోస్తుంది. కానీ కోస్తాలో తుఫాన్లు చాలా వచ్చాయి, ఆ ఒక్క మాట చాలదు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంది. పిన్‌కోడ్‌లు వచ్చింది 1972 ఆగస్టు 15న కాబట్టి అంతకుముందుది కాదు. అంచులో సన్నగా ‘పింగళ’ అని రాసి ఉంది. తెలుగు సంవత్సరాల్లో పింగళ 1977 ఉగాది నుంచి 1978 ఉగాది దాకా నడిచింది, దానికి ముందు పింగళ వచ్చింది అంతకు 60 ఏళ్ళ ముందు. ఈ మూడూ కలిస్తే 1977 డిసెంబర్ 18 అని నిక్కచ్చిగా చెప్పొచ్చు. మీ ఉత్తరంలో కూడా ఇలాంటి పేరేదైనా ఉందేమో చూడండి. లెక్క తేలిక: 2025 ఉగాదికి మొదలైంది విశ్వావసు. అంతకుముందు విశ్వావసు 1965లో. అక్కడి నుంచి పంచాంగంలోని వరుస చూసుకుంటూ లెక్కపెట్టుకోవచ్చు. జనవరి నుంచి ఉగాది దాకా మాత్రం పాత సంవత్సరం పేరే నడుస్తుందని మరవకండి, ఏడాది తేడా అక్కడే వస్తుంది.

ఉప్పెన గురించి కూడా రెండు వాక్యాలు కింద రాసి పంపండి అని వాళ్ళకు చెప్పాను. అమెరికాలో పెరిగిన పిల్లలకు ‘సైక్లోన్’ అంటే గాలివాన అని మాత్రమే తెలుస్తుంది. ఆ రోజు సముద్రం ఊళ్ళమీదికి వచ్చి వేల మంది పోయారని తెలియకపోతే, ‘మేడమీద ఉండి బ్రతికినారు’ అన్న వాక్యం వాళ్ళకు అందదు. అయితే ఇలాంటి వివరాలు ఉత్తరం లోపల కలపకూడదు. తాతగారు రాసిన మాటలు ఒకవైపు, మీరు చెప్పే మాటలు కింద వేరేగా, చిన్న అక్షరాల్లో ఉండాలి. పదేళ్ళ తర్వాత చదివేవాళ్ళకు ఏది ఆయనదో ఏది మీదో తెలియాలి.

పంపేటప్పుడు ఇంగ్లీషు ఒక్కటే పంపకండి. ఒకే పీడీఎఫ్‌లో ముందు ఉత్తరం ఫొటో, తర్వాత తెలుగు ఎత్తిరాత, దాని ఎదురుగా అదే వరుస నంబర్లతో ఇంగ్లీషు పెట్టండి. సందేహం ఉన్న మాటలకు ఇంగ్లీషులో కూడా ప్రశ్నార్థకం అలాగే ఉంచండి. వీలైతే మీ అమ్మగారి చేత ఉత్తరం మొత్తం చదివించి ఫోన్‌లో రికార్డు చేసి దాంతోపాటే పంపండి. లిపి రాకపోయినా వింటే అర్థమయ్యే పిల్లలు చాలామంది ఉంటారు. పంపేముందు ఉత్తరంలో అప్పులు, తగాదాలు, ఎవరి ఆరోగ్యం సంగతైనా ఉందేమో చూసి, అది అందరికీ వెళ్ళొచ్చో లేదో మీ అమ్మగారినే అడగండి. ఆ ఉత్తరం ఆమెకు వచ్చింది.

మీ ఫొటోలో తేలని వరుసలు ఉంటే, చిరునామా కనబడకుండా ఆ వరుసల వరకే కత్తిరించి ఇక్కడ పెట్టండి. దాంతోపాటు అదే ఉత్తరంలో మీకు కచ్చితంగా తెలిసిన రెండు మూడు మాటల ముక్కలు కూడా కలపండి. అక్షరాలు పోల్చడానికి అవి కావాలి.